యాభై దగ్గర ఆరిపోయే ఫోను

సగం ఉంది కదా అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఫోను తెర మీద ఒక మూలన బ్యాటరీ బొమ్మ పక్కన యాభై అని చూపించే అంకె ఉంది చూశారూ, దాన్ని చూస్తే ఉమ్మెయ్యాలనిపిస్తుంది. ఆ అంకెని నమ్ముకుని ఒక మనిషి స్తంభం ఎక్కాడు. ఆ మనిషి పేరు త్రినాధరావు. మా లైన్‌మన్.

నా పేరు సన్యాసిరావు. కశింకోట చుట్టుపక్కల ఊళ్ళకి కరెంటు పంపే ఒక చిన్న సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్ని. ఎండలో మాడిన గోడలు, ఎప్పుడూ గుయ్యిమంటూ ఉండే ట్రాన్స్‌ఫార్మర్, ఒక కుర్చీ, ఒక ఫోను, నేను. నాకు కోపం ఎక్కువని మా వాళ్ళందరూ అంటారు. ఉండదా మరి? చీకటి పడితే తిట్లు, చినుకు పడితే తిట్లు, పెళ్ళిలో ఫ్యాను ఆగితే తిట్లు. జిల్లాలో ఎక్కడ ఏ తీగ తెగినా తిట్టుకునేది ఫోను ఎత్తినవాడినే.

త్రినాధరావుది మరో రకం. ఎంత తిట్టినా నవ్వుతాడు. "వత్తన్నాను, వత్తన్నాను" అన్న రెండు మాటలతోనే ఇన్నేళ్ళూ ఉద్యోగం నెట్టుకొచ్చాడు. సన్నటి మనిషి, నల్లటి మనిషి, మోచేతుల దాకా కాయలు కాసిన చేతులు. ఏ స్తంభం ఎక్కబోయినా ముందు చేతి వెనక భాగంతో ఒకసారి తాకి చూస్తాడు. అరచేత్తో తాకితే, కరెంటు ఉన్నట్టయితే, చెయ్యి ముడుచుకుని పట్టేసుకుంటుంది. వెనక భాగంతో తాకితే విసిరికొడుతుంది. ఇది అతనికి పాతకాలపు లైన్‌మన్ ఒకాయన నేర్పాడట. అంత జాగ్రత్త ఉన్న మనిషి. ఆ జాగ్రత్త అంతా స్తంభం దగ్గరే ఆగిపోయింది, జేబులో ఉన్న ఫోను దాకా రాలేదు. అదే నా బాధ.

అతని నెంబరు ఆ పదూళ్ళలో ప్రతి ఇంటి గోడ మీదా ఉంటుంది. బొగ్గుతో రాసినవాళ్ళున్నారు, క్యాలెండరు మీద రాసినవాళ్ళున్నారు. అందుకని ఫోను ఎప్పుడూ ఆఫ్ చెయ్యడు. దాన్ని ఒక పాలిథిన్ కవర్లో చుట్టి చొక్కా జేబులో పెట్టి పిన్నీసు పెట్టుకుంటాడు. అన్నం తింటూ ఎత్తుతాడు, బండి మీద వెళ్తూ ఎత్తుతాడు. భార్య తలుపులమ్మ ఎన్నోసార్లు నా దగ్గర మొర పెట్టుకుంది, "అన్నయ్యా, ఆ ఫోనుకి తాళి కట్టుంటే సరిపోయీది" అని. పగలంతా దాన్ని ముక్కలు ముక్కలుగా ఛార్జింగ్ పెడతాడు. మా సబ్‌స్టేషన్‌కి వస్తే కాసేపు, టీ కొట్టు దగ్గర కాసేపు, ఎవరింట్లో ఫ్యూజు వేస్తే వాళ్ళింట్లో కాసేపు. పూర్తిగా నిండిందీ లేదు, పూర్తిగా ఖాళీ అయిందీ లేదు.

మా పనిలో ఫోను ఎంత ముఖ్యమో తెలియాలంటే ఎల్సీ అంటే ఏమిటో చెప్పాలి. లైన్ క్లియర్ అన్నమాట. పెద్ద లైను మీద పని ఉంటే లైన్‌మన్ నాకు ఫోను చేసి ఎల్సీ అడుగుతాడు. నేను లోపల బ్రేకర్ ఆపి, యార్డులోకి వెళ్ళి స్విచ్ కూడా తీసేసి, తాళం వేసి, "ఆపేను, ఎక్కు" అని చెబుతాను. అక్కడి నుంచి ఆ లైను అతనిది. అతనే దిగి, అతనే తన నోటితో "దిగేను, ఇచ్చేయ్" అనేదాకా నేను దాన్ని ముట్టుకోకూడదు. పైనుంచి అధికారి అడిగినా, ఊరంతా వచ్చి గేటు ముందు కూర్చున్నా అంతే. ఇంకో జాగ్రత్త కూడా ఉంది, పనిచేసే చోట రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించి ఎక్కాలి. అప్పుడు పొరపాటున కరెంటు వచ్చినా భూమిలోకి పోతుంది. రాడ్లు ఉంటే కదా. ఉన్న ఒక్క జతా ఏ ఫీడరు మీద, అంటే ఇక్కణ్ణుంచి ఊళ్ళకి వెళ్ళే ఏ లైను మీద, పని ఉంటే అక్కడికి ఊరేగుతూ ఉంటుంది. దాని గురించి మొదలుపెడితే నా బీపీ ఇంకా పెరుగుతుంది, వదిలేద్దాం.

పోయిన ఏడాది త్రినాధరావు ఫోను బ్యాటరీ ఉబ్బింది. వెనక మూత లేచి ఫోను నోరు తెరిచింది. అనకాపల్లిలో ఒక రిపేరు కొట్టుకి తీసుకెళ్ళి కొత్త బ్యాటరీ వేయించుకొచ్చాడు. కొట్టు యజమాని వెంకటసాయికృష్ణ. వాళ్ళ తాతది బెల్లం వ్యాపారం, ఈయనది ఫోన్ల వ్యాపారం. కొట్టంతా అద్దాలు, లైట్లు, మాట తేనె. ఆ కొట్టు గురించి త్రినాధరావు మురిసిపోతూ చెప్పాడు.

"ఒరిజినల్ కన్నా పెద్దది ఏసేడు బావా. దీని మీద రాసున్నాది సూడు."

అతను నన్ను బావ అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే.

నెల తిరక్కుండా రోగం మొదలైంది. ఫోను యాభైలో ఉంటుంది. మాట్లాడుతూ ఉండగా ఠక్కున ఆరిపోతుంది. తెర నల్లబడిపోతుంది. హెచ్చరిక లేదు, ఎర్ర గుర్తు లేదు, ఇరవై అనీ పది అనీ దిగిరావడం లేదు. యాభై, ఆ తర్వాత శవం. మళ్ళీ కాసేపయ్యాక బొత్తాం నొక్కి పట్టుకుంటే లేచి కూర్చుని ముప్పై అంటుంది. రెండు మాటలు మాట్లాడగానే మళ్ళీ చస్తుంది. ఆ ముప్పైని చూసి త్రినాధరావు ధైర్యం తెచ్చుకునేవాడు.

"లోపల ఛార్జి ఉన్నాది బావా. లేకపోతే ముప్పై ఎందుకు సూపిత్తాది? ఏదో సాఫ్ట్‌వేరు తేడా."

ఈ సాఫ్ట్‌వేరు మాట ఎక్కడిదని అడిగితే కొట్టాయన అన్నాడట. తీసుకెళ్ళి చూపిస్తే సాయికృష్ణ ఫోను ఇటూ అటూ తిప్పి, "గేజ్ తప్పింది అన్నా, క్యాలిబ్రేషన్ చేసుకో. పూర్తిగా ఆరిపోయేదాకా వాడు, ఆ తర్వాత మధ్యలో తీయకుండా వందకి పెట్టు, రెండు మూడు సార్లు చెయ్యి, సర్దుకుంటుంది" అని పంపించేశాడట. ఫోను ఆరనిచ్చే ఉద్యోగమా అతనిది? మధ్యలో తీయకుండా ఛార్జింగ్ పెట్టుకుని కూర్చునే బతుకా? ఒకసారి మొదలుపెట్టాడు పాపం. సగంలో ఎవరిదో ఇంట్లో మీటరు కాలిపోయిందని ఫోను వస్తే పీక్కుని పరిగెత్తాడు. అక్కడితో ఆ వైద్యం ఆగింది.

ఇక అందరం అలవాటు పడిపోయాం. అసహ్యమైన సంగతి ఇదీ. త్రినాధ ఫోను స్విచ్చాఫ్ అంటే ఎవరికీ గుండె ఝల్లుమనడం మానేసింది. "ఆడి ఫోను అంతే" అనుకోవడమే. అతను కూడా దానికో దారి వేసుకున్నాడు. పని అయ్యాక దిగి, దగ్గర్లో ఎవరు కనపడితే వాళ్ళ ఫోను అడిగి నాతో మాట్లాడేవాడు. కొత్త నెంబరు నుంచి ఫోను వచ్చి "బావా, నానే" అంటే నేను తిట్టి, గొంతు పోల్చుకుని లైను ఇచ్చేవాడిని. కొత్త ఫోను కొనుక్కోరా అంటే, "సగం ఉంటాది కదా, ఆపాటి సాల్దేటి" అనేవాడు. మా ఇద్దరి మధ్య ఈ గొడవ రోజూ ఉండేదే.

ఆ రోజు సంగతి చెబుతాను. చెరకు నరుకుళ్ళ కాలం. ఊళ్ళలో బెల్లం గానుగలు ఆడుతున్నాయి. మధ్యాహ్నం త్రినాధరావు ఫోను చేశాడు. పొలాల మధ్య ఒక స్తంభం మీద రెండు తీగల్ని కలిపే జంపరు ముక్క కాలి వేలాడుతోంది, ఎల్సీ కావాలన్నాడు. ఫీడరు ఆపి, స్విచ్ తీసి, తాళం వేసి, అతనికి చెప్పాను.

"రాడ్లు ఉన్నాయా?"

"పక్క ఫీడరోళ్ళు అట్టుకెళ్ళేరు బావా. ఎంత సేపు, ఒక్క జంపరే కదేటి."

"ఫోను ఎంతుంది?"

"యాభై రెండు. సాల్దేటి?"

చాలదురా అని చెప్పాను. నవ్వి పెట్టేశాడు. అదే మా ఆఖరి మాట అయిపోయి ఉండేది.

కాసేపటికి తలుపులమ్మ నాకు ఫోను చేసింది. "అన్నయ్యా, ఆయన ఫోను స్విచ్చాఫ్ వత్తంది. అన్నం తిన్నాడో లేదో." ఎప్పుడూ ఉండేదే కదమ్మా, పని మీద ఉన్నాడు అన్నాను. ఆమె కూడా ఎప్పుడూ ఉండేదే అనుకుని పెట్టేసింది.

ఆ తర్వాత వచ్చిన ఫోను నానాజీది. నానాజీ ఆ ఊరి రైతే, సొంత చెరకు, సొంత గానుగ. గానుగకి కరెంటు మోటారు. లైను ఆపితే గానుగ ఆగుతుంది, అప్పటికే తీసిన రసం తొట్టిలో నిలవుండి పులిసిపోతుంది. పులిసిన రసం ఎంత కాచినా అచ్చు కట్టదు, బంకలా సాగుతుంది. అందుకని అతని తొందర నాకు అర్థమయ్యేదే.

"ఆపరేటరు గారూ, త్రినాధ సెప్పమన్నాడండి. పనయిపోయింది, దిగిపోయేడు. లైను ఇచ్చేయమన్నాడు."

"ఆడి ఫోనేటయ్యింది?"

"సచ్చిపోయింది కదండీ. ఎప్పుడూ ఉన్నదే కదేటి."

ఎప్పుడూ ఉన్నదే. ఆ మాట ఆ రోజు రెండోసారి. అందులో తప్పు కనపడలేదు నాకు. ఫోను చెవికి ఆనించుకునే తాళంచెవి తీసుకుని యార్డులోకి నడిచాను. తాళం తీశాను. స్విచ్ వేశాను. నానాజీ అవతల రసం గురించి, కూలోళ్ళు ఊరికే కూర్చున్నారని ఏదేదో చెబుతూనే ఉన్నాడు. లోపలికి వచ్చి బ్రేకరు హ్యాండిల్ మీద చెయ్యి వేశాను. తిప్పితే అయిపోతుంది. అప్పుడు నాకు ఎందుకో తిట్టాలనిపించింది. పెద్ద ఆలోచన ఏమీ కాదు. లైను ఇచ్చే ముందు రోజూ అతన్ని నాలుగు తిట్టడం నాకు అలవాటు, ఆ రోజు తిట్టలేదు.

"ఆడికియ్యి ఫోను."

నానాజీ అవతల కూలోళ్ళకి ఏదో కేకేసి మళ్ళీ ఫోనులోకి వచ్చాడు.

"ఆడు... బండి దగ్గరున్నాడండి."

"బండి దగ్గరుంటే బండి దగ్గరికే ఎల్లి ఇయ్యి."

"ఇందాకే సూసేను కదండీ, స్తంభం మీద ఎవులూ లేరు. రసం పులిసిపోతాంది, ఆపరేటరు గారూ."

"నానాజీ, ఆడి గొంతు ఇనకుండా నాను లైను ఇవ్వను. నడువు."

నాకు కోపం వచ్చినప్పుడు నా నోట కూడా మా ఊరి మాటే వస్తుంది. నానాజీ సణుక్కుంటూ బయల్దేరాడు. ఫోను పెట్టెయ్యలేదు. నా చెయ్యి ఇంకా హ్యాండిల్ మీదే ఉంది. అవతల గట్టు మీద నడుస్తున్న చప్పుడు, చెరకు ఆకు బట్టలకి రాసుకుంటున్న చప్పుడు, అతని ఆయాసం వినిపిస్తున్నాయి. నానాజీ గానుగ దగ్గర నుంచి చూస్తే చెరకు తలలకి పైన స్తంభం మొన ఒక్కటే కనపడుతుంది. కింద నేల కనపడదు, బండి కనపడదు, మనిషి కనపడడు. మొన మీద ఎవరూ లేకపోతే పని అయిపోయిందని అతను అనుకున్నాడు. అనుకోవాలని అతనికి ఉంది కూడా.

చప్పుడు ఆగింది. తర్వాత నానాజీ గొంతు వినిపించింది. నాతో కాదు.

"ఓరి త్రినాధా... నువ్వు పైనే ఉన్నావేటిరా?"

పైనుంచి త్రినాధరావు ఏదో అన్నాడు. నాకు మాట వినపడలేదు, గొంతు వినపడింది. హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీశాను. తీశానో, అదే జారిందో తెలియదు. వెంటనే యార్డులోకి వెళ్ళి ఆ స్విచ్ మళ్ళీ తీసేసి తాళం వేశాను.

జరిగింది ఇంతే. త్రినాధరావు జంపరు తీగ సరిపోక, ఇంకో ముక్క కోసం దిగి బండి దగ్గరికి వెళ్ళాడు. ఆ కాస్సేపూ స్తంభం మొన ఖాళీగా ఉంది. అది చూసి నానాజీ నాకు ఫోను చేశాడు. నేను యార్డులో తాళం తీస్తున్నప్పుడు త్రినాధరావు మళ్ళీ పైకి ఎక్కుతున్నాడు. నేను హ్యాండిల్ పట్టుకున్నప్పుడు అతను రెండు చేతులతో తీగ పట్టుకున్నాడు.

ఆ తర్వాత అతను దిగి, నానాజీ ఫోనులో మామూలుగా, ఏమీ జరగనట్టు, "బావా, దిగేను, ఇచ్చేయ్" అన్నాడు. నాలుగు సార్లు చెప్పించుకున్నాను. అప్పుడు ఇచ్చాను.

సాయంత్రం సబ్‌స్టేషన్‌కి వచ్చాడు. నేను ఎంత తిట్టానో నాకే గుర్తులేదు. నానాజీని తిట్టాను, ఆ అబద్ధానికి వాడి మీద కేసు పెట్టాలన్నాను. త్రినాధరావు తల వంచుకుని విన్నాడు. వింటూనే గోడకున్న ప్లగ్గు వెతికి ఫోను ఛార్జింగ్ పెట్టాడు. అది చూస్తే నాకు ఇంకా మండింది.

"నానాజీని తిట్టకు బావా" అన్నాడు. "సెప్పమన్నది నానే."

"ఏటి?"

"పొద్దున్న ఆడికి సెప్పేను. నా ఫోను ఆరిపోద్ది, నాను దిగడం సూసి నువ్వే ఆపరేటరు గారికి సెప్పెయ్, మళ్ళీ నీ కాడికి నడిచొచ్చే పని ఉండదు అని. ఆడు దిగడం సూసేడు, సెప్పేడు. ఆడి తప్పేటున్నాది?"

అతను ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. తన ఎల్సీని, తన నోటి మాటని, తన ప్రాణాన్ని ఇంకొకడి చేతిలో పెట్టి వచ్చాడు. ఎందుకంటే అతని ఫోను యాభై దగ్గర చస్తుంది. ఫోను మార్చలేదు, మాట చెప్పే మనిషిని మార్చాడు.

మర్నాడు నాకు సెలవు. త్రినాధరావుని బండి మీద కూర్చోబెట్టుకుని అనకాపల్లి తీసుకెళ్ళాను. నేను కొట్టు తలుపు తోసిన తోపుకి అద్దం పగిలిందేమోనని సాయికృష్ణ లేచి నిలబడ్డాడు. విషయం చెప్పాను. అతని మాటలో తేనె కాస్త తగ్గింది.

"బ్యాటరీలో లోపం లేదు సార్. గేజ్ క్యాలిబ్రేషన్ తప్పింది, అంతే. నేను అన్నకి ముందే చెప్పాను."

"ఆ గేజ్ అంటే ఏమిటో నాకు చెప్పు. నేను కూడా బ్యాటరీలతోనే బతుకుతున్నాను."

నిజమే. మా సబ్‌స్టేషన్‌లో లైన్లు ఆపే బ్రేకర్లు పనిచెయ్యడానికి ఒక గదినిండా బ్యాటరీలు ఉంటాయి. వాటికి నేను రోజూ ఓల్టేజీ చూస్తాను, యాసిడ్ చిక్కదనం చూస్తాను. ఊరికే కూర్చున్న బ్యాటరీ ఓల్టేజీ బాగానే చూపిస్తుంది, పని చెబితే అప్పుడు దాని బండారం బయటపడుతుంది. అది నాకు తెలుసు. ఫోను సంగతే తెలియదు.

సాయికృష్ణకి తెలుసు. అది నాకు ఇంకా కంపరం పుట్టించింది. తెలియనివాడైతే పోనీలే అనుకునేవాడిని.

"బ్యాటరీలో ఎంత మిగిలిందో ఫోను లోపలికి తొంగి చూడలేదు సార్. అందులో ఒక చిప్ ఉంటుంది, దాన్నే ఫ్యూయల్ గేజ్ అంటాం. ఎంత కరెంటు లోపలికి వెళ్ళింది, ఎంత బయటికి వచ్చింది అని అది లెక్క కడుతూ ఉంటుంది. నిండు బ్యాటరీ అంటే ఇంత అని ఒక అంకె దాని దగ్గర ఉంటుంది. ఆ అంకెలో సగం ఖర్చయితే యాభై అని చూపిస్తుంది."

"ఓల్టేజీ చూసి చెప్పకూడదా?"

"అదీ చూస్తుంది సార్. కానీ ఈ బ్యాటరీల్లో మధ్యలో ఓల్టేజీ పెద్దగా కదలదు. నలభైకీ అరవైకీ తేడా పట్టడం కష్టం. ఆఖర్న మాత్రం ఒక్కసారి పడిపోతుంది. అందుకే మధ్యలో లెక్కనే నమ్ముకుంటుంది. ఎప్పుడైనా పూర్తిగా నిండి, పూర్తిగా ఖాళీ అయితే రెండు కొసలూ చూసి తన లెక్క సరిచేసుకుంటుంది. అన్న ముక్కలు ముక్కలుగా ఛార్జింగ్ పెడతాడు కదా, దానికి ఆ కొసలు ఎప్పుడూ కనపడలేదు."

"సరే. కానీ లెక్క అంత ఘోరంగా, సగానికి సగం ఎలా తప్పుతుంది?"

మాట మార్చబోయాడు. నేను మార్చనివ్వలేదు. ఫోను విప్పించాను. బ్యాటరీ బయటికి తీయించాను. దాని మీద నల్ల కాయితం, బంగారు రంగు అక్షరాలు, పెద్ద అంకె. కాయితం ఒక మూలన లేచి ఉంది. గోరుతో నెమ్మదిగా ఊడదీశాను. కింద ఇంకో కాయితం ఉంది. దాని మీద ఇంకో అంకె. పైదానికి సగం కన్నా కొంచెం ఎక్కువ, అంతే.

త్రినాధరావు వంగి చూశాడు. "ఇదేటి?" అన్నాడు.

సాయికృష్ణ ఊడిన కాయితం తీసుకుని బుట్టలో పడేశాడు. చెప్పక్కర్లేదు. ఇంట్లో గోలెం పెద్దదనుకుని చెంబులు లెక్కపెట్టుకునే మనిషి, గోలెం మార్చి చిన్నది పెట్టారని తెలియక, ఇంకా సగం ఉందని చెయ్యి ముంచితే అడుగు తగులుతుంది. ఫోను తన పాత ఒరిజినల్ బ్యాటరీ అంకెనే పట్టుకుని లెక్క కట్టింది. దాని లెక్క ప్రకారం సగం. నిజానికి అడుగు. చెరకు తోటల్లో సిగ్నలు తక్కువ, ఫోను గట్టిగా కరెంటు పీల్చి టవరుకి వినపడేలా అరవాలి. ఆ పీలుపుకి ఓల్టేజీ పడిపోయి ఫోను తనని తానే ఆపేసుకుంది. కాసేపు ఊరుకుంటే ఆ భారం పోయి ఓల్టేజీ కొంచెం లేస్తుంది, అందుకే ముప్పై అని లేచి కూర్చునేది. త్రినాధరావు నమ్ముకున్న ముప్పై అదీ.

"క్యాలిబ్రేషన్ చేస్తే ఇది బాగుపడేదా?" అని అడిగాను.

"అంకె కొంత దారికొచ్చేది సార్. అది కూడా ఒక హద్దు వరకే."

"బ్యాటరీ?"

"బ్యాటరీ ఇంతే కదా సార్."

అంకె సర్దుకుంటే ఛార్జి త్వరత్వరగా దిగిపోతున్నట్టు కనపడేది, అప్పుడు బ్యాటరీ చిన్నదని పట్టుబడేది. ఈ క్యాలిబ్రేషన్ ఎవరికీ కుదరదని ఆయనకి తెలుసు. కుదిరినవాడు మళ్ళీ వస్తే ఫోను పాతదైపోయిందని చెప్పవచ్చు. ఈ కాయితం ఎందుకు అతికించావని అడిగితే, "మాకు అలాగే వస్తాయి సార్, అందరూ వేసేవి అవే" అన్నాడు. త్రినాధరావు వైపు చూసి, "అన్నా, ఏమీ అనుకోకు, మంచిది వేస్తాను" అన్నాడు. అతని మొహంలో సిగ్గు లేదు, భయం లేదు. మీటరు తిరక్కుండా చేసి పట్టుబడ్డప్పుడు కొంతమంది మొహం అలాగే ఉంటుంది. ఆ బ్యాటరీ అతని అద్దాల బల్ల మీదే వదిలేసి, త్రినాధరావుని వేరే చోటికి తీసుకెళ్ళి, వేరే ఫోనే కొనిపించాను. దారంతా అతను గొణుగుతూనే ఉన్నాడు, పాతది బాగానే ఉండేది, స్క్రీను మీద గీత కూడా లేదని.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. రెండు రోజుల తర్వాత నేను డ్యూటీలో ఉండగా నానాజీ వచ్చాడు. త్రినాధరావు కూడా అప్పుడే వచ్చి ఎండకి తల తుడుచుకుంటున్నాడు. నానాజీ చేతిలో అరిటాకులో చుట్టిన బెల్లం. ఇంకా వేడి పోలేదు, ఆకు మెత్తబడి ఉంది. తప్పయిపోయిందని ఒక మాట అంటాడని నేను ఎదురుచూశాను.

"ఆ రోజు రసమేనండి" అన్నాడు నానాజీ సంబరంగా. "పోతాది అనుకున్నాను. మీరు లైను ఇచ్చిన టైముకి ఇంకా బాగానే ఉన్నాది. పెనం ఎక్కించేసేను. ఆ రోజు కట్టిన అచ్చుల్లో మంచియి మీకని ఉంచేను. మా యావిడ పొద్దున్నే పొయ్యి కాడ ఎచ్చబెట్టి ఇచ్చింది."

త్రినాధరావు ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని చప్పరించాడు. ఇంకో ముక్క విరిచి నానాజీకిచ్చాడు. ఇద్దరూ ఆ ఏడాది పాకం ఎలా కుదిరిందో మాట్లాడుకున్నారు. స్తంభం మాట ఎవరూ ఎత్తలేదు. వెళ్ళబోతూ నానాజీ అన్నాడు, "కొత్త ఫోను కొన్నావంట కదా. అయినా నా ఫోను ఉంటాదిలే, సెరుకు తోటల్లో సిగ్నలు ఉంటాదో ఉండదో, నువ్వు దిగితే నాను సెప్పెత్తాను."

"ఆ, సెప్పెయ్" అన్నాడు త్రినాధరావు.

నేను కుర్చీలోంచి లేచాను. త్రినాధరావు నా చేతిలో ఒక ముక్క పెట్టాడు.

"తిను బావా. బాగా కుదిరింది."

నోట్లో వేసుకున్నాను. బాగానే ఉంది, నిజంగానే బాగుంది. గేటు దాకా నడిచి వెళ్ళి, కాలవలో ఉమ్మేశాను.